రెండు నెలలుగా టీబీ మందులు వాడినా నాన్న దగ్గు తగ్గలేదు: సీటీ అడగాలా, ఆగాలా?

అనకాపల్లి_కిరణ్ · సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు. లారీ నడిపేవారు, మూడేళ్ల కిందట మానేశారు. బీడీ మాత్రం మానలేదు, పాతికేళ్ల పైగా రోజుకో కట్ట. సంక్రాంతి ముందు దగ్గు మొదలైంది. బీడీ దగ్గేలే అని ఎవరమూ పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో రెండుసార్లు కళ్లెలో నెత్తురు చారలు కనిపించేసరికి భయపడి ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో ప్యాచ్ ఉందన్నారు. కళ్లె పరీక్ష రెండుసార్లు చేశారు, రెండూ నెగెటివ్. చేతికి సూది వేసి చూసే మాంటూ 16 మి.మీ. వచ్చింది. దాన్నిబట్టి టీబీ అని మందులు మొదలుపెట్టారు, రోజుకు నాలుగు మాత్రలు. ఈ రోజుకు 63 రోజులు. ఒక్క రోజు కూడా తప్పలేదు, మా అమ్మ దగ్గరుండి మింగిస్తుంది.

దగ్గు ఎక్కడిది అక్కడే ఉంది. బరువు 62 నుంచి 56 కిలోలకు పడిపోయింది. డాక్టరుగారేమో "ఆరు నెలల కోర్సు, ఓపిక పట్టాలి" అంటున్నారు. సీటీ తీయిద్దామా అంటే "అనవసరంగా టెన్షన్ పడకండి" అన్నారు. ఆగమంటారా, వేరే వాళ్లకి చూపించమంటారా?

మూర్తి_రాజమండ్రి · సోమవారం, రాత్రి 11:15

కిరణ్ గారూ, కంగారు పడకండి. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, నెత్తురు, బరువు తగ్గడం, మాంటూ 16. ఇంతకంటే ఏం కావాలి? పక్కా టీబీ. మా తమ్ముడికీ కళ్లెలో క్రిములు దొరకలేదు, ఆరు నెలలు వాడాడు, ఇప్పుడు దుక్కలా ఉన్నాడు. మధ్యలో డాక్టరును మార్చి మందులు ఆపితే మొండి టీబీ అవుతుంది. అది చాలా ప్రమాదం.

సుబ్బు_తెనాలి · మంగళవారం, ఉదయం 6:50

టీబీ ముదిరితే క్యాన్సర్ అవుతుందా అనేగా మీ అనుమానం? అవదండి, రెండూ వేర్వేరు. మందులు మొదలుపెట్టి రెండు నెలలైంది కాబట్టి మామూలుగా ఇంక అంటుకోదు కూడా. కంచం, గ్లాసు వేరుగా పెట్టి ఆయన్ను బాధపెట్టకండి.

ఎస్‌టీఎస్_ప్రకాశం · మంగళవారం, ఉదయం 8:05

నేను టీబీ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు. సుబ్బు గారూ, కిరణ్ గారు అడిగింది అది కాదు. మొదటినుంచీ ఉన్నది అసలు టీబీయేనా అన్నది ప్రశ్న.

మూర్తి గారు చెప్పిన దాంట్లో సగం నిజం. కళ్లెలో క్రిములు కనపడని టీబీ బోలెడు ఉంటుంది, అలాంటివాళ్లకు మేమే మందులు ఇస్తాం. మధ్యలో ఆపడం ప్రమాదమన్నదీ నిజమే. కానీ మాంటూ సంగతి పూర్తిగా పొరపాటు. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు టీబీ క్రిమి ఒంట్లోకి వెళ్లే ఉంటుంది. జబ్బు రాకపోయినా మాంటూ పాజిటివ్ వస్తుంది. 58 ఏళ్ల లారీ డ్రైవరుకు 16 మి.మీ. రావడంలో వింతేమీ లేదు. క్రిమితో పరిచయం ఉందని మాత్రమే అది చెబుతుంది. ఎక్స్‌రేలో కనపడే మచ్చ ఆ క్రిమి పనేనా అన్నది చెప్పలేదు.

నా ప్రశ్న ఒకటే. కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే నాట్ పరీక్ష చేశారా? సీబీనాట్ అయినా, ట్రూనాట్ అయినా. గవర్నమెంటులో ఉచితం, మెషీన్ మీద పెడితే రెండు గంటల లోపే తేలుతుంది. మైక్రోస్కోపుకు దొరకనివి చాలావరకు అది పట్టుకుంటుంది. ఇంకొకటి, శాంపిల్ ఎలా ఇచ్చారు? సగం మంది ఉమ్మి తెస్తారు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె కావాలి.

అనకాపల్లి_కిరణ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాట్ చేయలేదండి. సుబ్బు గారూ, కంచం సంగతి అడగలేదు గానీ చెప్పి మంచి పని చేశారు. అమ్మ నిజంగానే వేరే పెట్టింది.

పల్మో_వరంగల్ · మంగళవారం, రాత్రి 9:30

నేను ఛాతీ డాక్టర్ని. ఆయన్ను చూడకుండా జబ్బు ఇదని ఇక్కడ చెప్పను. కానీ ఆగాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలను. ఆగకండి.

కారణం ఇదీ. టీబీ మందులు సరైన జబ్బుకు సరిగ్గా వాడితే మొదట మారేది ఎక్స్‌రే కాదు, మనిషి. జ్వరం ఉంటే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. ఆకలి వేస్తుంది. నెల తిరిగేసరికి బరువు కనీసం తగ్గడం ఆగుతుంది, రెండో నెలకు కాస్త పెరుగుతుంది. మచ్చ మాత్రం నెలల తరబడి ఉండొచ్చు, ఒక్కోసారి జీవితాంతం ఉంటుంది. ఓపిక పట్టమని మేం చెప్పేది ఆ మచ్చ విషయంలో. క్రమం తప్పకుండా మింగుతూ 63 రోజుల్లో ఆరు కిలోలు తగ్గిన మనిషికి ఆ మాట వర్తించదు.

అలాంటప్పుడు మూడు సంగతులు ఆలోచిస్తాం. మందులకు లొంగని టీబీ కావచ్చు. టీబీతోపాటు షుగరు లాంటిది ఇంకేదో ఉండొచ్చు. లేదా అది టీబీయే కాకపోవచ్చు. పాతికేళ్లు బీడీ తాగినవాళ్లకు ఈ మూడోది అన్నిటికంటే ముందు గుర్తుకు రావాలి. పైభాగంలో మచ్చ ఉంటే టీబీయే అనడానికి లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఎక్కువగా పైభాగాల్లోనే వస్తుంది. కళ్లెలో నెత్తురు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం రెండింటికీ ఉంటాయి. ఇక్కడే అందరం పొరబడతాం, మా డాక్టర్లం కూడా.

ఇంట్లోనే కొన్ని చూసి చెప్పండి. గొంతు బొంగురుపోయిందా? ఎడమ స్వరతంత్రికి వెళ్లే నరం ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చుట్టూ తిరిగి పైకి వెళుతుంది, అక్కడ గడ్డ నొక్కితే మొదట మారేది గొంతే. మెడ కింద, కంటె ఎముక పైన గడ్డలేమైనా చేతికి తగులుతున్నాయా? ముఖం ఉబ్బుతోందా? రెండు చూపుడు వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించి పెట్టమనండి. మామూలుగా గోళ్ల మొదళ్ల మధ్య డైమండు ఆకారంలో చిన్న సందు కనపడుతుంది. అది మూసుకుపోయిందా? అలా అయితే క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది.

ఇంకో ముఖ్యమైన పని, పాత ఎక్స్‌రే వెతకండి. ఏ ఆపరేషనుకో, ఏ జ్వరానికో తీసినది ఉంటే చాలు. అయిదేళ్ల కిందటి ఫిల్ములో ఇదే మచ్చ ఇంతే ఉంటే అది పాత మచ్చ. అప్పుడు లేకపోతే కథ వేరు.

మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. నాట్ చేయించండి, కాంట్రాస్టుతో సీటీ తీయించండి, ఈ వారంలోనే.

రేడియో_మహేష్ · మంగళవారం, రాత్రి 10:10

సీటీ టెక్నీషియన్ని. రెండు చిన్న మాటలు. కాంట్రాస్టు మందు ఎక్కించాలంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, ముందే చేయించుకుని వెళితే ఒక పూట కలిసొస్తుంది. ఛాతీ సీటీ అన్నప్పుడు కింద కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల దాకా తీయమని చీటీలో రాయించుకోండి. క్యాన్సర్ అనుమానం ఉంటే అవి చూడాల్సిందే, లేకపోతే మళ్లీ పిలుస్తారు. ఊపిరితిత్తి శిఖరం ఎక్స్‌రేలో కంటె ఎముక, మొదటి పక్కటెముక వెనక నక్కి ఉంటుంది. ఫిల్ములో ప్యాచ్ అన్నది సీటీలో ఏమవుతుందో చూసేదాకా మాకే తెలీదు.

మూర్తి_రాజమండ్రి · బుధవారం, ఉదయం 7:25

మాంటూ గురించి ఎస్‌టీఎస్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కానీ ప్రతి దగ్గుకూ క్యాన్సర్ అని భయపెట్టడం బాగాలేదు. మాకు తెలిసిన ఒకాయనకు క్యాన్సర్ అని చెప్పి ఊపిరితిత్తి కోయబోయారు, చివరికి టీబీ అని తేలింది. అదీ జరుగుతుంది.

ఎస్‌టీఎస్_ప్రకాశం · బుధవారం, ఉదయం 8:40

నిజంగా జరుగుతుంది మూర్తి గారూ. టీబీ కూడా ఒక్కోసారి గుండ్రటి గడ్డ కట్టి అచ్చం క్యాన్సర్‌లా కనపడుతుంది. అందుకే ముక్క తీసి చూసేదాకా రెండు వైపులా తీర్పు చెప్పకూడదు అంటాను. మీ తెలిసినాయన్ని కాపాడింది కూడా ఆ ముక్క పరీక్షే అయి ఉంటుంది.

పద్మజ_డల్లాస్ · బుధవారం, ఉదయం 9:15

చదువుతుంటే చేతులు వణికాయి. మా అమ్మది కాకినాడ, టీచరుగా చేసి రిటైరైంది. జీవితంలో పొగ ముట్టలేదు. 61వ ఏట పొడి దగ్గు, ఆయాసం. కుడివైపు ఛాతీలో నీరు చేరిందన్నారు. లీటరుకు పైగా తీశారు, లేత పసుపు రంగు. ఆ రంగు చూసి, లింఫోసైట్ కణాలు ఎక్కువున్నాయని చూసి టీబీ నీరు అన్నారు. ఏడీఏ అనే పరీక్ష 22 వచ్చింది. నాకప్పుడు దాని అర్థం తెలీదు. 40 దాటితే టీబీ వైపు మొగ్గుతారని చాలా తర్వాత తెలిసింది. కణాల పరీక్ష ఒక్కసారి చేశారు, క్యాన్సర్ కణాలు కనపడలేదు, అంతటితో వదిలేశారు.

అయిదు నెలలు టీబీ మందులు వాడింది. నీరు మూడుసార్లు తిరిగి వచ్చింది. నేను ఇక్కడి నుంచి ఫోనులో "ప్రోటీన్ తిను అమ్మా" అనేదాన్ని. చివరికి వేరే చోట ఛాతీలోకి కెమెరా పెట్టి పొర ముక్క తీస్తే అడినోకార్సినోమా అనే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యు మార్పు ఉంది. అప్పటికి స్టేజ్ 4.

నేను అడగాలనుకున్నది ఇది. గడ్డ చిన్నదే, మూడు సెంటీమీటర్లు కూడా లేదు. ఇంకే అవయవానికీ పాకలేదు. మరి స్టేజ్ 4 ఎందుకైంది? ఎవరూ సరిగా చెప్పలేదు.

పల్మో_వరంగల్ · బుధవారం, రాత్రి 10:05

పద్మజ గారూ, ఊపిరితిత్తుల క్యాన్సర్లో స్టేజ్ అన్నది గడ్డ సైజు ఒక్కటే కాదు. మేం మూడు ప్రశ్నలు అడుగుతాం. గడ్డ ఎంత ఉంది, పక్కన దేన్ని పట్టుకుంది? లింఫ్ గ్రంథుల్లో ఎక్కడిదాకా వెళ్లింది? ఆ ఊపిరితిత్తినీ గ్రంథులనూ దాటిందా? మూడో ప్రశ్నకు జవాబు అవును అయితే మొదటి రెండూ ఎలా ఉన్నా స్టేజ్ 4 అవుతుంది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య నీటిలోనో, ఆ పొర మీదనో క్యాన్సర్ కణాలుంటే దాటినట్టే లెక్క. ఎందుకంటే ఆ పొర ఛాతీ అంతా పరుచుకుని ఉంటుంది, కోసి తీసెయ్యడానికి హద్దు దొరకదు. మీ అమ్మగారిది అదే.

నీటిలో కణాల పరీక్ష ఒకసారి నెగెటివ్ వస్తే క్యాన్సర్ లేదని కాదు. పొర నుంచి కణాలు రాలితేనే కదా కనపడేది. రెండోసారి పంపాలి, అప్పటికీ తేలకపోతే పొర ముక్క తీయాలి. టీబీ నీరు ఒకసారి తీసి మందులు మొదలుపెడితే మామూలుగా ఇలా మూడేసి సార్లు నిండదు.

పద్మజ_డల్లాస్ · గురువారం, ఉదయం 5:50

థాంక్స్ డాక్టరుగారూ. ఇన్నాళ్లకు అర్థమైంది. ఇంకో సంగతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. అమ్మకు ఆ జన్యు మార్పు మీద పనిచేసే జెఫిటినిబ్ మాత్రలు మొదలుపెట్టినప్పుడు టీబీ మందులు కూడా నడుస్తున్నాయి. కోర్సు మధ్యలో ఆపకూడదని ఎవరూ ఆపలేదు. రెండు వారాల తర్వాత ఒక ఫార్మసిస్టు చీటీ చూసి, టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ పక్కన ఈ మందు పనిచేయదు కదా అన్నారు. టీబీ మందులు ఆపాక నెలలో ఆయాసం తగ్గింది. ఆ తర్వాత రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు మాతో ఉంది.

పల్మో_వరంగల్ · గురువారం, ఉదయం 8:15

ఆ ఫార్మసిస్టుకు దండం పెట్టాలి. రిఫాంపిసిన్ కాలేయాన్ని చాలా మందులను త్వరగా విరిచేసేలా మారుస్తుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ అన్నీ ఒంట్లో నిలవకుండా పోతాయి. రిఫాంపిసిన్ ఆపాక కూడా ఆ ప్రభావం పోవడానికి రెండు వారాల దాకా పడుతుంది. టీబీ అని పొరబడడం వల్ల పోయేది నెలలు మాత్రమే అనుకుంటాం. ఇలా అసలు మందును కూడా తినేస్తుంది.

అనకాపల్లి_కిరణ్ · శనివారం, రాత్రి 9:00

ఆలస్యానికి క్షమించండి. గొంతు మారలేదు, మెడలో గడ్డలు లేవు. గోళ్ల మధ్య సందు లేదు, పూర్తిగా మూసుకుపోయింది. నా గోళ్లతో పోల్చి చూసుకున్నాను, తేడా స్పష్టంగా ఉంది. అయిదేళ్ల కిందట హెర్నియా ఆపరేషనుకు ముందు తీసిన ఎక్స్‌రే అటక మీద దొరికింది. ఎడమవైపు శుభ్రంగా ఉంది, మచ్చ లేదు.

నాట్ నెగెటివ్. సీటీలో ఎడమ పైలోబ్‌లో 4.6 సెం.మీ. గడ్డ, అంచులు ముళ్లముళ్లుగా ఉన్నాయని రాశారు. ఛాతీ మధ్యలో రెండు వైపులా లింఫ్ గ్రంథులు కొంచెం ఉబ్బి ఉన్నాయట, పెద్దది 1.3 సెం.మీ., కొన్నింటిలో సున్నం పేరుకుందట. కాలేయం, అడ్రినల్ బాగున్నాయి. సోమవారం శ్వాసనాళంలోకి కెమెరా పంపి ముక్క తీసే బ్రాంకోస్కోపీ పెట్టారు.

లక్ష్మీ_ప్రసన్న · శనివారం, రాత్రి 9:35

అయ్యో, ముక్క తీయించకండి. సూది గుచ్చితే క్యాన్సర్ కదిలి ఒళ్లంతా పాకుతుంది. మా మామయ్యకు ముక్క తీసిన నెలకే మంచాన పడ్డాడు.

పల్మో_వరంగల్ · ఆదివారం, ఉదయం 7:10

లక్ష్మి గారూ, మీ మామయ్యగారి విషయం బాధాకరం. ముక్క తీసేనాటికి జబ్బు ముదిరి ఉంటే నెలలో మంచాన పడడం జరుగుతుంది, ముక్క తీయకపోయినా అదే జరిగేది. సూది దారిలో కణాలు పడడం చాలా అరుదు. బయటినుంచి సూది వేస్తే అసలు భయపడాల్సింది ఊపిరితిత్తి నుంచి గాలి లీకవడం గురించి, దానికి ఆసుపత్రిలోనే గమనిస్తారు. ముక్క లేకుండా మందు ఇవ్వడం అంటే కిరణ్ వాళ్ల నాన్నగారికి మొదట జరిగిందే మళ్లీ జరగడం.

కిరణ్, ఒక్కటి గుర్తుంచుకుని అక్కడ అడుగు. ముక్క రెండు సీసాల్లో వెళ్లాలి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, రెండోది మామూలు సెలైన్‌లో నాట్‌కూ కల్చర్‌కూ. అన్నీ ఫార్మలిన్‌లో వేస్తే టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక దాన్ని పెంచి చూసే కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు. హడావిడిలో తరచూ జరిగే పొరపాటు ఇది.

అనకాపల్లి_కిరణ్ · పన్నెండు రోజుల తర్వాత, శుక్రవారం

రెండు సీసాలూ వెళ్లాయి, నేనే పక్కనుండి అడిగాను. సిస్టరు నన్ను వింతగా చూసింది. పాథాలజీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ అని వచ్చింది. నాట్ మళ్లీ నెగెటివ్.

పెట్ సీటీ కూడా అయింది. గడ్డ బాగా వెలిగింది. ఛాతీ మధ్యలో రెండు వైపులా గ్రంథులు కూడా వెలిగాయి. ఇంకెక్కడా లేదు. రిపోర్టు చూసిన డాక్టరు "స్టేజ్ 3బి, అవతలి వైపు గ్రంథులకు కూడా పాకింది, ఆపరేషన్ కుదరదు" అన్నారు. నాన్నకు ఇంకా చెప్పలేదు. అమ్మకు తెలుసు.

పల్మో_వరంగల్ · శుక్రవారం, రాత్రి 11:20

కిరణ్, ఇది జాగ్రత్తగా చదువు. టీబీ మొదటిసారి ఎక్స్‌రేలో మోసం చేసింది. ఇప్పుడు పెట్‌లో రెండోసారి చేస్తోందేమో అని నా అనుమానం.

పెట్ అంటే చక్కెరను పోలిన మందు ఎక్కించి, దాన్ని ఎక్కువగా తినే చోటును చూడడం. క్యాన్సర్ కణాలు ఎక్కువ తింటాయి. కానీ టీబీ వల్ల వాచిన గ్రంథిలోని తెల్లకణాలు కూడా తింటాయి. మన దేశంలో ఎప్పుడో చిన్నప్పుడు తగిలిన టీబీ గుర్తులు ఛాతీ మధ్య గ్రంథుల్లో మిగిలిపోతాయి. దుమ్ములో, పొగలో బతికినవాళ్లకు మరీను. రెండు వైపులా సమానంగా, కాస్త సున్నంతో వెలిగే గ్రంథులను చూడగానే అదంతా క్యాన్సరే అనకూడదు.

ఇప్పుడు లెక్క చూడు. గడ్డ 4.6 సెం.మీ. ఇది అయిదు దాటలేదు కాబట్టి మధ్యస్థం. గ్రంథులు శుభ్రంగా ఉంటే స్టేజ్ 2ఎ. ఆపరేషను చేసి నయం చేద్దామని చూసే దశ. అదే గడ్డకు అవతలి వైపు గ్రంథిలో ఒక్క క్యాన్సర్ ముద్ద ఉన్నా 3బి. అప్పుడు ఆపరేషను ఉండదు, కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. గడ్డ అదే, మనిషి అదే. తేడా అంతా ఆ గ్రంథిలో ఏముందన్న దాని మీదే. వెలుగును చూసి కాదు, కణం చూసి తేల్చాలి.

దానికి ఈబస్ అని ఉంది. బ్రాంకోస్కోపు కొనకే స్కానింగు పరికరం ఉంటుంది, శ్వాసనాళం లోపల్నుంచి చూస్తూ గ్రంథిలోకి సూది వేస్తారు. మొదట అవతలి వైపువి, తర్వాత మధ్యవి, ఆ తర్వాత ఇవతలివి తీయాలి. ఇవతలి కణాలు సూదికి అంటుకుని అవతలికి వెళ్లి తప్పు లెక్క రాకూడదని ఆ వరుస. మీకు దగ్గర్లో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడ క్యాన్సర్ డాక్టర్లంతా కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డుకు రిపోర్టులు చూపించి ఈ మాట అడగండి. మెదడుకు ఎంఆర్ఐ కూడా కావాలి. మెదడు మామూలుగానే చక్కెర ఎక్కువ తింటుంది కాబట్టి పెట్‌లో అక్కడ చిన్నవి దాక్కుంటాయి.

మూర్తి_రాజమండ్రి · శనివారం, ఉదయం 6:30

కిరణ్ బాబూ, మొదట పక్కా టీబీ అని రాసింది నేనే. ఆ మాట విని నువ్వు ఆగిపోయి ఉంటే అని రాత్రంతా నిద్ర పట్టలేదు.

అనకాపల్లి_కిరణ్ · శనివారం, ఉదయం 9:45

ఫరవాలేదు మూర్తి గారూ. నేను కూడా అదే నమ్మాలనుకున్నాను.

అనకాపల్లి_కిరణ్ · రెండు వారాల తర్వాత, ఆదివారం

ఈబస్ అయింది. మూడు చోట్ల గ్రంథుల నుంచి తీశారు. రిపోర్టులో అన్నిటా "గ్రాన్యులోమా, క్యాన్సర్ కణాలు లేవు". గ్రాన్యులోమా అంటే రక్షణ కణాల చిన్న ముద్దలట. మెదడు ఎంఆర్ఐ మామూలుగా ఉంది. ఇప్పుడు 2ఎ అంటున్నారు, ఆపరేషనుకు ఊపిరి ఊదే పరీక్ష చేశారు, ఫర్వాలేదట. బీడీ వెంటనే మానమన్నారు. నాన్నకు చెప్పాం. "ఇంతకాలం ఆ టీబీ మాత్రలతో ఎర్ర మూత్రం పోయించారు కదరా" అన్నారు, అంతే.

ఒక సందేహం. గ్రాన్యులోమా అంటే టీబీ కదా? మరి టీబీ మందులు కొనసాగించాలా? సర్జనుగారు ఆపేయమంటున్నారు. అక్కడి ఛాతీ డాక్టరు కల్చర్ వచ్చేదాకా ఆగమంటున్నారు.

ఎస్‌టీఎస్_ప్రకాశం · ఆదివారం, మధ్యాహ్నం 2:10

నా అభిప్రాయం కల్చర్ దాకా ఆపొద్దు. ద్రవ కల్చర్ అయితే 42 రోజుల్లో చివరి మాట వస్తుంది. గ్రాన్యులోమా కనపడిన చోట మన ఊళ్లలో మొదటి అనుమానం టీబీయే. నెగెటివ్ వస్తే డాక్టరు కాగితం తీసుకుని మీ యూనిట్‌కు వెళ్లండి, టీబీ కాదని తేలింది అని ప్రభుత్వ టీబీ రికార్డైన నిక్షయ్‌లో మార్పించి కేసు మూస్తారు. మీరే మానేసి ఊరుకుంటే మావాళ్లు "మధ్యలో మానేశారు" అని మీ ఇంటికి తిరుగుతూనే ఉంటారు.

పల్మో_వరంగల్ · ఆదివారం, రాత్రి 8:50

ఇక్కడ ఎస్‌టీఎస్ గారితో నాది కొంచెం తేడా. గ్రాన్యులోమా అంటే టీబీ ఒక్కటే కాదు. క్యాన్సర్ గడ్డ నుంచి పారే ద్రవానికి గ్రంథి ఎదురు తిరిగినా అవి వస్తాయి, క్రిమి ఉండదు. జ్వరం లేదు, నాట్ రెండుసార్లూ నెగెటివ్, మధ్యలో కుళ్లిన భాగం ఉందని పాథాలజీ రాయలేదు. నేనైతే సర్జను వైపు మొగ్గుతాను. మత్తుకు ముందు కాలేయం పరీక్షలు మందుల వల్ల చెడి ఉంటే మరీ ఆపుతాను. కానీ మూడు నెలలు పూర్తయిన మనిషికి కల్చర్ దాకా నడిపించడం కూడా తప్పేమీ కాదు. అక్కడి డాక్టర్లు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడు, నీ ద్వారా కాదు.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచుతాను. ఎడమ పైలోబ్ గడ్డలు పెద్ద రక్తనాళం పక్కనున్న గ్రంథులకు కూడా పాకుతాయి, అక్కడికి ఈబస్ సూది అందదు. వాటిని సర్జను ఆపరేషనులో తీసి పంపుతారు. కాబట్టి ఈ 2ఎ అన్నది ఇప్పటికి తెలిసిన లెక్క. ఆపరేషను తర్వాత పాథాలజీ రిపోర్టులో అది మారొచ్చు. మారితే కీమో కలుపుతారు, పొరపాటు జరిగిందని అనుకోవద్దు.

పద్మజ_డల్లాస్ · సోమవారం, ఉదయం 6:20

ఆపరేషన్ ఎప్పుడు కిరణ్ గారూ?

అనకాపల్లి_కిరణ్ · సోమవారం, ఉదయం 7:05

వచ్చే గురువారం. టీబీ మందులు ఈ రోజు పొద్దున కూడా వేశాం. మధ్యాహ్నం ఇద్దరు డాక్టర్లనూ ఒకేసారి ఫోనులోకి తెస్తామన్నారు, రేపటి మాత్రల సంగతి అప్పుడు తేలుతుంది.